టికెట్ రేటు వెనక పాప్‌కార్న్ లెక్క

మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ రూ.250 అనగానే అందరం అనే మాట ఒకటే: దోపిడీ. కోపం సరే, కానీ ఆ రేటు రూ.500 ఎందుకు కాలేదో దోపిడీ అనే మాట చెప్పదు. లోపల ఇంకో కొట్టు లేదు. బయటి తిండిని ఆపే హక్కు హాలు యజమానులకు ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా రేటు ఒక చోట ఆగింది. ఎక్కడ ఆగుతుందో చెప్పే సూత్రాన్ని ఆర్థికవేత్త అబ్బా లెర్నర్ 1934లో రాశారు:

(P − MC) / P = 1 / e

P అంటే ధర. MC అంటే ఉపాంత వ్యయం, అంటే ఇంకొక్క టబ్ అమ్మడానికి అదనంగా అయ్యే ఖర్చు. e డిమాండ్ వ్యాకోచత్వం: ధర ఒక శాతం పెంచితే అమ్మకాలు ఎంత శాతం తగ్గుతాయో చెప్పే అంకె. ధరలో లాభం వాటా ఎంతన్నది ఈ అంకెకు తలకిందులుగా ఉంటుంది.

మొక్కజొన్న, నూనె, టబ్ అన్నీ కలిపి రూ.50 అనుకుందాం. రూ.250లో మిగిలేది రూ.200, అంటే ధరలో 0.8 వంతు. యజమాని లెక్క సరిగ్గా వేసుకుని ఉంటే e విలువ 1.25. రేటు కొద్దిగా పెంచితే, పెంచిన శాతానికి ఒకటింపావు వంతు అమ్మకాలు పోతాయి. ‘ఎంత చెప్పినా జనం కొంటారు’ అన్నది అందుకే తప్పు. నిజంగా అలా కొనేట్టయితే ఆయన రూ.250 దగ్గర ఆగేవాడే కాదు. కొంతమంది ‘వద్దులే’ అనుకుని ఖాళీ చేతులతో సీట్లోకి వెళ్లడం మొదలయ్యాకే రేటు ఆగుతుంది.

అసలు సంగతి టికెట్ దగ్గర ఉంది. సగం ఖాళీగా ఉన్న హాల్లో ఇంకొకరు కూర్చుంటే అదనపు ఖర్చు దాదాపు సున్నా. MC సున్నా అయితే e సరిగ్గా 1 ఉన్నచోట ధర ఆగాలి. ఊహకు ఒక 300 సీట్ల హాలు తీసుకుందాం. టికెట్ ధర ఎన్ని రూపాయలైతే, 400లోంచి అంత తగ్గించినంత మంది వస్తారు. టికెట్ డబ్బే చూసుకుంటే రూ.200 ఉత్తమం, 200 మంది వస్తారు.

కానీ టికెట్ డబ్బులో సగం డిస్ట్రిబ్యూటర్‌కు పోతుందనుకుందాం. పాప్‌కార్న్ డబ్బు మాత్రం మొత్తం హాలుదే. పది మందిలో ముగ్గురు టబ్ కొంటే తలకు సగటున రూ.60 లాభం. హాలుకు టికెట్‌లో సగమే దక్కుతుంది కాబట్టి, టికెట్ లెక్కలో ఈ రూ.60 విలువ రూ.120. అంటే ప్రేక్షకుడి MC సున్నా కాదు, మైనస్ 120! మళ్లీ లెక్క కడితే టికెట్ రూ.140, వచ్చేది 260 మంది. అక్కడ e సుమారు 0.54. ఒకటి కంటే తక్కువ వ్యాకోచత్వం దగ్గర గుత్త వ్యాపారి ధర పెట్టడని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇక్కడ పెడతాడు, ఎందుకంటే అతను అమ్ముతున్నది టికెట్ ఒక్కటే కాదు.

పెద్ద హీరో సినిమా మొదటి రోజు కథ వేరు. అభిమానులకు ధర పట్టదు, అందుకే రేటు పెంచుతారని అంటారు. నాకు ఇది సగమే నిజమనిపిస్తుంది. ఆ రోజు డిమాండ్ పెరిగి, పై లెక్కలోని 400 కాస్తా 900 అయిందనుకోండి. 300 సీట్లు సరిగ్గా నిండే ధర రూ.600. అక్కడ e విలువ 2, అంటే మామూలు రోజు కంటే ఎక్కువే. ఆ రేటు తెచ్చింది అభిమానం ఒక్కటే కాదు, సీట్ల కరువు కూడా. హాలు నిండాక ఇంకొకరిని కూర్చోబెట్టాలంటే ఒకరిని లేపాలి, కాబట్టి MC సున్నా అన్న మాట అక్కడ చెల్లదు. e ని కొలిచేవాళ్లు కూడా ఇక్కడే బోర్లా పడతారు. రేటు పెంచిన వారమే జనం ఎగబడతారు కాబట్టి, ధర పెరిగితే అమ్మకాలు పెరుగుతాయన్నట్టు అంకెలు వస్తాయి. అదే సినిమాకు రెండో వారంలో, పక్కపక్క మామూలు రోజుల్లో రేటు మార్చి చూస్తే కొంత నమ్మొచ్చు.

2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో టికెట్లకు గరిష్ఠ ధరలు పెట్టింది. పంచాయతీల్లో అట్టడుగు తరగతికి రూ.5. 2022 మార్చిలో దాన్ని సవరించి కనీస ధరను రూ.20 చేసింది. చర్చంతా టికెట్ చుట్టూనే తిరిగింది. టికెట్‌కు కళ్లెం వేస్తే పాప్‌కార్న్ రేటు పెంచాలన్న ఒత్తిడి పెరుగుతుంది. క్యాంటీన్ రేటు చూసి ఒక కుటుంబం సినిమా మానుకుంటే హాలు పోగొట్టుకునే టికెట్ డబ్బు ఇప్పుడు తక్కువ కదా. టికెట్‌కు గరిష్ఠ ధర పెట్టి, బయటి తిండిని ఆపనిస్తే ప్రేక్షకుడి జేబుకు ఎంత మిగులుతుందో రెండు ధరలూ కలిపి చూస్తేనే తెలుస్తుంది.