పల్లవి నిర్మూలన సంఘం వారికి అభినందనలు

గుడిలో పంచిన పాత కీర్తనల పుస్తకాన్ని ఫోన్‌తో ఫొటోలు తీసి, వాటిని చూస్తూ టైపు చేసి, భజన మండలి వాట్సాప్ గ్రూపులో పెట్టే పుణ్యాత్ములు ఊరూరా వెలిశారు. వారి సేవలకు తగిన గుర్తింపు లేదు. కనీసం ఈ వ్యాసమైనా ఆ లోటు తీర్చాలని నా కోరిక.

వీరికి మొట్టమొదట కంటబడిన దుబారా పల్లవి. రామదాసు కీర్తననే తీసుకోండి. పైన ‘పలుకే బంగారమాయెనా కోదండపాణి’ అని ఒకసారి పూర్తిగా అచ్చువేస్తారు. ఆ తర్వాత ప్రతి చరణం చివరా ॥పలుకే॥ అని ఒక్క మాట, అటూ ఇటూ రెండేసి నిలువు గీతలు. ఇక్కడ ఆగి మళ్లీ పల్లవి ఎత్తుకోమని దాని అర్థం. పాతకాలం అచ్చు వాళ్లకు కాగితం ఆదా చేసిన గుర్తు ఇది. మనవాళ్లు అంతకన్నా పొదుపరులు. ఒకసారి చెప్పిన మాట మళ్లీ ఎందుకని ఆ గుర్తు కూడా ఎత్తేశారు.

ఎత్తేయని వాళ్ల సేవ ఇంకో రకం. ఫొటోలోంచి అక్షరాలు లాగే సదుపాయానికి ఆ జంట గీతలు ఒకట్లలా కనిపిస్తాయి. దాంతో చరణం చివర ‘11పలుకే11’ అని వచ్చి కూర్చుంటుంది. పాడేవాళ్లు కాసేపు తికమకపడి, పదకొండుసార్లు పాడాలి కాబోలని సర్దుకుంటారు. భక్తి పెరిగిందే గానీ తగ్గలేదు కదా!

త్యాగరాజస్వామి విషయంలో సంఘం వారి ధైర్యం మరీ మెచ్చదగ్గది. ‘ఎందరో మహానుభావులు’ అనుపల్లవి ‘బ్రహ్మానంద మనుభవించువారు’ అని ఆగుతుంది. ఆగి, ‘ఎందరో మహానుభావులు’ అని పల్లవిలో పడితేనే వాక్యం పూర్తవుతుంది. గుర్తు తీసేస్తే ఆ అనుభవించువారు ఏమయ్యారో, వాళ్ల సంగతేమిటో ఎవరికీ తెలియదు. వాక్యం గాలిలో వేలాడుతుంది. గ్రూపులో మాత్రం కింద యాభై నమస్కారాలు పడతాయి.

ఇక పాదాల విరుపు. పుస్తకం అరచేతి వెడల్పు. పాదం అందులో పట్టక కిందికి దిగుతుంది. బాగా అచ్చువేసిన పుస్తకంలో దిగిన ముక్కను కాస్త లోపలికి జరిపి వేస్తారు. ఫొటో వంకరగా తీస్తే ఆ జరుపు తెలియదు. అప్పుడు చరణం ఇలా తయారవుతుంది:

ఎంత వేడినగాని సుంతైన
దయరాదు పంతము సేయ
నేనెంతటివాడను తండ్రి

చూడ్డానికి ముచ్చటగా మూడు పాదాలు. ప్రాస అనే పాత చాదస్తం ఒకటుంది. పాదాల్లో రెండో అక్షరం కలవాలంటుంది. ‘ఎంత’కు జోడీ ‘పంతము’. అంటే రెండో పాదం ‘పంతము’ దగ్గర మొదలవ్వాలి, ‘దయరాదు’ పైపాదంలోనే ఉండాలి. ఉన్నవి రెండే పాదాలు. కానీ ఇంత లెక్క వేయడానికి చరణాన్ని ఒకసారి గట్టిగా చదవాలి. టైపు చేసేవారికి అంత తీరిక ఎక్కడిది?

పేజీ చివర మరో వింత జరుగుతుంది. సగం చరణం ఈ ఫొటోలో, మిగతా సగం తర్వాతి ఫొటోలో ఉంటుంది. పేజీ అయిపోయింది కదా అని మనవాళ్లు అక్కడ ఒక ఖాళీ లైను వదులుతారు. ఒక చరణం రెండవుతుంది. అసలు ॥పలుకే॥ రాలేదంటే చరణం ఇంకా అవలేదనే లెక్క. చరణం ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు అదే. దాన్ని దుబారా అని ముందే పీకేశాం కనుక ఇప్పుడు ఆ చిక్కు కూడా లేదు. ఫొటోలు వరస తప్పి వస్తే రెండో కీర్తన చరణం మొదటి కీర్తనలో కలిసి, కొత్త వాగ్గేయకారుడు పుడతాడు.

ఇటీవల ఒక మండలిలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన అడ్డుపుల్ల వేశారు. ‘నాయనా, పుస్తకాన్ని కిటికీ వెలుగులో బల్లమీద పరిచి, ఒక్కో పేజీ నిటారుగా పైనుంచి తియ్యండి. చరణానికీ చరణానికీ మధ్య ఒక్క లైను వదలండి. పల్లవి గుర్తు ఉన్నచోట ఉన్నట్టే ఉంచండి. ఫోన్ చూసి పాడేవాళ్లకు పైకి జరపడం కష్టమైతే, వాళ్లకోసం పల్లవి పూర్తిగా రాసిన కాపీ వేరే పెట్టండి. కనబడని అక్షరం దగ్గర చుక్కలు పెట్టండి, ఊహించి నింపకండి’ అన్నారట.

చివరి మాటతోనే అందరికీ ఒళ్లు మండింది. ఆఖరి పాదం మీద ఫొటో తీసినవారి బొటనవేలు పడింది. దాని కిందే కవి తన పేరు చెప్పుకున్నాడు. అక్కడ చుక్కలు పెడితే గ్రూపు పరువేం కాను? సొంతంగా ఓ పాదం కట్టి అతికించారు. బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. మాస్టారిని గ్రూపులోంచి తీసేశారు.