దిష్టి దుంప

మా బాల్కనీలో రెండు అడీనియంలు ఉండేవి, అవే, మొదలు దుంపలా ఉబ్బి ఉండే ఎడారి గులాబీ మొక్కలు. ఒకటి వాన తగలని లోపలి మూలన, ఇంకోటి పిట్టగోడ అంచున. ఆగస్టులో పది రోజులు పుట్టింటికి వెళ్లొచ్చేసరికి రెండింటి దుంపలూ మెత్తబడి, ముడతలు పడి, తొంభై ఏళ్ల తాతగారి బుగ్గల్లా ఉన్నాయి.

ముడత అంటే దాహం. నాకు తెలిసిన వృక్షశాస్త్రం అంతే. ముందు కళ్లబడింది అంచునున్నది కాబట్టి మట్టి తడిగా ఉందో లేదో చూడకుండా దానికి మగ్గుడు నీళ్లు పోశాను. మర్నాడు ఇంకా మెత్తబడింది. పాపం చాల్లేదేమోనని ఇంకో మగ్గు. మూడోరోజు ఆకులు పండి రాలడం మొదలైంది. టెన్షన్ పుట్టి, "ఇది కుళ్లే, రెండోదానికీ పాకింది" అని తీర్మానించి, కత్తి పట్టుకుని లోపలిదాని మీదికి వెళ్లాను.

"ఆగమ్మాయ్!" అంది అత్తయ్య. "రైతుబజార్లో దోసకాయ నొక్కి చూసి కొంటావా, కోసి చూసి కొంటావా?"

ఆవిడే వచ్చి నొక్కింది. లోపలిది చుట్టూ ఒకేలా మెత్తగా ఉంది, కానీ వేలు తీయగానే మళ్లీ పైకి లేచింది. కుండీ ఎత్తితే ఖాళీ డబ్బాలా తేలిగ్గా వచ్చింది. "ఇది వాడిన దోసకాయ." అంచుది పైన కాస్త గట్టిగానే ఉంది. మట్టి దగ్గర ఒక పక్క మాత్రం బొటనవేలు దిగిపోయింది. తోలు జారి, గోధుమరంగు నీరు, దాంతో పాటు ఓ కంపు. "ఇది కుళ్లిన దోసకాయ."

"మరి తడిమట్టిలో ముడతలేంటి అత్తయ్యా?"

"వేళ్లు కుళ్లిపోయాక నీళ్లు తాగేదెవరు?"

వాడినదానికి అడుగునుంచి కారేదాకా నీళ్లు పోస్తే మూడు రోజుల్లో బిగుసుకుంది. కుళ్లినదాన్ని పీకి, మట్టి కడిగేసి, గ్లోవ్స్ తొడుక్కుని కూర్చున్నాను. దాని పాలు విషం మరి. స్పిరిట్‌తో తుడిచిన కత్తితో ఒక చెక్క కోస్తే లోపల గోధుమరంగు చుక్కలు. కత్తి మళ్లీ తుడిచి, మళ్లీ కోశాను. ఒక్క చుక్క మిగిలినా కుళ్లు అక్కణ్ణించే మళ్లీ మొదలవుతుంది. చివరికి ముల్లంగిలా తెల్లగా, గట్టిగా కనిపించేసరికి సగం దుంప చెత్తబుట్టలో ఉంది. మిగిలినదానికి ఫంగిసైడ్ పొడి అద్ది, కోసిన చోటు ఎండి గట్టిపడేదాకా గాలాడే నీడలో ఉంచాలని, తాడు కట్టి వీధి గుమ్మం ముందు తలకిందులుగా వేలాడదీశాను.

రెండో రోజే పక్కింటావిడ గొంతు తగ్గించి అడిగింది, "ఏ స్వామీజీ ఇచ్చారండీ?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "దిష్టి ఇట్టే లాగేస్తుందటమ్మా" అంది.

పదకొండో రోజు దాన్ని దింపి, ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కాస్త కంపోస్టు కలిపిన పొడిమట్టిలో నాటాను. వారం దాకా నీళ్లు చూపించలేదు. నెల తిరిగేసరికి రెండు చిగుళ్లు వేసింది.

పక్కింటి గుమ్మానికి మాత్రం ఇప్పుడో కంద దుంప వేలాడుతోంది.