రాత్రి మిగిలిన పైసలకే లెక్క

"సేవింగ్స్ ఖాతాల నెలకోసారి ఐదువేలు ఏసి చూపిస్తే సాలు, తెల్లారి తీసుకోవచ్చు. బ్యాంకోళ్లు నెలాఖరుకు ఎంతుందో గంతే చూస్తరు. ఫైన్ పడదు. అందరికీ పంపుండ్రి."

మా ఊరి గ్రూపులో తిరుగుతున్న ఈ ముచ్చట నమ్మి పరకాల దగ్గర ఉండే మా బావ, ఖాతాలో కనీస నిల్వ లేదని ఫైన్ కట్టిండు. అందుకే రాస్తున్న.

ముందు నెలాఖరు సంగతి. బ్యాంకు చూసేది నెలలో ప్రతి రోజూ లావాదేవీలన్నీ అయిపోయాక ఖాతాలో మిగిలిన మొత్తం. ఆ ముప్పై అంకెలను కూడి ముప్పైతో భాగిస్తే వచ్చేదే నెల సగటు. ఆదివారాలూ సెలవులూ లెక్కలోకి వస్తయి, శనివారం రాత్రి ఉన్నదే ఆదివారానికీ పడుతది.

ఇక ఒక్కరోజు ఐదువేల సంగతి. బావ ఖాతాకు ఐదువేల సగటు ఉండాలె. అంటే ముప్పై రోజుల నెలలో రోజువారీ నిల్వలన్నీ కూడితే 1,50,000 రావాలె. ఆయన ఖాతాలో నెలంతా 1,200 ఉన్నది. 25న ఐదువేలు వేసిండు, ఆ రాత్రి 6,200. 26న తీసేసిండు, మళ్లీ 1,200. పాసుబుక్కు ముందర పెట్టుకొని ఇద్దరం కూడినం: 29 రోజులకు 34,800, ఆ ఒక్కరోజుకు 6,200, మొత్తం 41,000. ముప్పైతో భాగిస్తే 1,367 కూడా నిండలేదు. ఆ ఐదువేలు సగటును పెంచింది 167 రూపాయలే, ఎందుకంటే ఒక్కరోజు సొమ్ము ముప్పై రోజులకు పంచుకపోతది.

పొద్దున వేసి సాయంత్రం తీస్తే ఆ 167 కూడా రాదు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన పైసలు మధ్యాహ్నం లక్ష పడి, చీకటి పడేలోపు మందుల షాపు బాకీకి పోతే, ఆ రోజు లెక్కలో లక్ష జాడే ఉండదు.

అయితే ఒక్కరోజుతో అసలే కాదని కూడా అనను. మిగతా 29 రోజులు 1,200 ఉంటే ఒక రాత్రి ఖాతాలో 1,15,200 ఉంచితే సగటు సరిగ్గా ఐదువేలు అయితది. అంత ఉన్నోళ్లకు ఈ తిప్పలే ఉండవు.

నెల మధ్యలో గుర్తొస్తే లెక్క ఇట్ల: పదో తారీఖు దాకా 1,200 ఉంటే కూడింది 12,000. మిగిలిన 1,38,000ను 20 రోజులకు పంచితే రోజుకు 6,900 ఉంచాలె. ఇరవయ్యో తారీఖు దాకా ఆగితే చివరి పది రోజులు 12,600 చొప్పున కావాలె. ఆలస్యమైన కొద్దీ భారం పెరుగుతది.

బావకు ఫైన్ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడ్డది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ముందుగా మెసేజో ఉత్తరమో పంపి, నిల్వ సరిచేసుకోవడానికి కనీసం నెల గడువియ్యాలె. ఫైన్ కూడా తగ్గిన మొత్తాన్ని బట్టే ఉండాలె, దానివల్ల ఖాతా మైనస్‌లోకి పోవద్దు. బావ ఫోన్‌లో ఆ మెసేజ్ ఉన్నది, చదవలేదు. ఇప్పుడు కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని దరఖాస్తు ఇచ్చిండు.