సవరణ: కాంట్ గుమ్మంలో హంతకుడు

“హంతకుడు వచ్చి అడిగినా స్నేహితుడి జాడ చెప్పేయాలని కాంట్ అన్నట్టు రాశారు. నిజంగా అంత మాటన్నాడా?”

అనలేదు. ఆ వాక్యాన్ని ‘అబద్ధం ఆడకూడదు’ అని మార్చాను. 1797లో ఫ్రెంచ్ రచయిత బెంజమిన్ కాన్‌స్టంట్‌కు జవాబిస్తూ జర్మన్ తత్వవేత్త కాంట్ రాసింది అవుననో కాదనో చెప్పక తప్పని పరిస్థితి గురించి. నోరు మెదపకుండా ఉండటం వేరే సంగతి.

మలక్‌పేటలో పై పోర్షన్ కుర్రాడి కోసం నలుగురు కత్తులతో వచ్చారనుకోండి. కింద ఉండే ఓనరు “ఊరెళ్లాడు” అంటే అబద్ధం. “చెప్పను, పొండి” అని గ్రిల్‌కు తాళం వేసి 100కి ఫోన్ చేస్తే కాంట్ లెక్కలో తప్పేమీ లేదు. అసలు చిక్కు మధ్యలో ఉంది. “పొద్దున బ్యాగుతో బయటికి పోవడం చూశా” అంటాడు. అది నిజమే, మధ్యాహ్నానికే తిరిగొచ్చాడని మాత్రం మింగేస్తాడు. ఇది అబద్ధమేనా అన్నదానిమీద కాంట్‌ను సమర్థించేవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు.

మరి మెడమీద కత్తి పెట్టి “ఉన్నాడా, లేడా?” అంటే? అక్కడ కాంట్ మెత్తబడడు. నాకైతే అది మింగుడుపడదు. ఆయన వాదన ఇదీ: మీరు లేడన్నారు, వాడు వెనక్కి తిరిగాడు, మీకు తెలియకుండా బయటికి జారుకున్న స్నేహితుడు వాడికే ఎదురుపడ్డాడు. అప్పుడు ఆ చావుకు మీరూ జవాబుదారే. వినడానికి ఫలితాల లెక్కలాగే ఉంటుంది గానీ కాదు. నిజం చెప్పినవాడి వల్ల జరిగిన కీడు యాదృచ్ఛికం, అబద్ధమాడినవాడు మాత్రం తర్వాత ఏం జరిగినా మోయాల్సిందే అంటున్నాడు.