స్ట్రైక్ మెయిల్ వచ్చిందా? ముందు ఆ లింకు మీద నుంచి వేలు తీయండి

"యూట్యూబర్లకు ముఖ్య గమనిక! స్ట్రైక్ మెయిల్ వస్తే ఇలా చెక్ చేయండి. 1) no-reply@youtube.com నుంచి వస్తే 100% ఒరిజినల్. 2) డాష్‌బోర్డులో ఏమీ లేకపోయినా నమ్మొద్దు, అది లేటుగా అప్‌డేట్ అవుతుంది. మెయిల్లో ఉన్న లింకు నుంచే 48 గంటల్లో అప్పీల్ చేయాలి. 3) లోగో, స్పెల్లింగ్ తప్పులుంటే ఫేక్. 4) వీడియో డిలీట్ చేస్తే స్ట్రైక్ పోతుంది. 5) టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంటే భయం లేదు. 6) ఛానల్ తీసేశాం అని మెయిల్ వస్తే ఛానల్ లింకును ఇన్‌కాగ్నిటోలో తెరిచి చూడండి. అందరికీ షేర్ చేయండి!"

ఈ ఫార్వర్డ్‌ను అందరికీ షేర్ చేశారు, సందేహం లేదు. వంటల ఛానళ్ల గ్రూపుల నుంచి వ్యవసాయం ఛానళ్ల గ్రూపుల దాకా ఇదే తిరుగుతోంది. మోసగాళ్లు తమ పని సులువు కావాలని రాసుకున్నా ఇంతకంటే బాగా రాసుకోలేరు.

మూడోది ముందు తేల్చేద్దాం. లోగోను ఎవరైనా కాపీ చేసుకోగలరు, స్పెల్లింగ్ సరిచూడటం ఇప్పుడు ఎవరికీ కష్టం కాదు. దీనికి ఇంతకు మించి సమయం అక్కర్లేదు.

ఇక మొదటిది. యూట్యూబ్‌లో ప్రైవేట్ వీడియోను ఎవరి మెయిల్‌కైనా షేర్ చేయవచ్చు. అలా షేర్ చేసినప్పుడు వెళ్లే ఆహ్వానాన్ని యూట్యూబ్ సర్వరే పంపుతుంది, అదీ no-reply@youtube.com నుంచే. మోసగాడు ఛానల్‌కు యూట్యూబ్ బృందంలా ధ్వనించే పేరు పెడతాడు. వీడియో శీర్షికలో 'నిబంధనల మార్పు' అని రాస్తాడు, డిస్క్రిప్షన్‌లో ఒక ఫైలు లింకు, దాని పాస్‌వర్డ్ పెడతాడు. 2023లో ఇలాంటి మెయిళ్ల గురించి యూట్యూబే హెచ్చరించింది. 2025లో యూట్యూబ్ సీఈఓ నీల్ మోహన్ మాట్లాడుతున్నట్టు ఏఐతో తయారుచేసిన వీడియోను ప్రైవేట్‌గా పంపారు. ప్రైవేట్ వీడియో ద్వారా తాము ఎవరినీ సంప్రదించబోమని అప్పుడు కూడా యూట్యూబ్ చెప్పింది. జీమెయిల్లో Show original నొక్కి, మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే SPF, DKIM పరీక్షలు రెండూ PASS అని వచ్చాయని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. మెయిల్ నిజంగా యూట్యూబ్ సర్వర్ నుంచి వచ్చినప్పుడు PASS కాక ఇంకేమొస్తుంది?

పంపిన అడ్రస్ కంటే, ఏ అడ్రస్‌కు వచ్చిందన్నది చాలాసార్లు ఎక్కువ చెబుతుంది. వ్యాపార సంప్రదింపుల కోసం ఛానల్ పేజీలో పెట్టిన మెయిల్ ఐడీ ఊరందరికీ తెలుసు. స్ట్రైక్ నోటీసు మాత్రం ఛానల్ లాగిన్ అయ్యే గూగుల్ ఖాతాకు వస్తుంది. ఈ రెండు ఐడీలు వేరువేరు అయి, నోటీసు పబ్లిక్ ఐడీకి వచ్చిందంటే అక్కడే అనుమానించాలి.

ఇప్పుడు రెండోది. ఛానళ్లు పోతున్నది ఈ సలహా వల్లే. స్ట్రైక్ అనేది మెయిల్లో పుట్టదు. ఛానల్ ఖాతా మీద నమోదవుతుంది, మెయిల్ దాని కబురు మాత్రమే. ఖాతా మీద లేని స్ట్రైక్‌కు అప్పీల్ ఏమిటి? పైగా 48 గంటల గడువు ఎక్కడిది? కమ్యూనిటీ గైడ్‌లైన్స్ స్ట్రైక్ మీద అప్పీలుకు 90 రోజులు ఉంటాయి. తొందరపెట్టే గడువు ఎందుకో తెలుసా? మీరు డాష్‌బోర్డు తెరిచి చూసే తీరిక లేకుండా చేయడానికి.

ఒక మెయిల్ తీసుకుని వరసగా చూద్దాం. 'మీ మూడు వీడియోలపై కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, ఆధారాలు జతచేసిన ఫైల్లో ఉన్నాయి, పాస్‌వర్డ్ ఇది' అని వచ్చింది. మెయిల్లో దేన్నీ నొక్కకుండా, బ్రౌజర్లో studio.youtube.com అని మీ చేత్తో టైపు చేయండి. కుడివైపు పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఇది ఏ ఛానలో చూడండి. ఒకే లాగిన్‌తో రెండు మూడు ఛానళ్లు నడిపేవాళ్లు వేరే ఛానల్ డాష్‌బోర్డు చూసి 'ఏమీ లేదు' అని తేల్చేయడం మామూలే. సరైన ఛానల్లో స్ట్రైక్ ఉంటే Dashboardలో Channel violations అనే కార్డు కనిపిస్తుంది. తర్వాత ఎడమవైపు Content తెరిచి, Restrictions గడిలో ప్రతి వీడియోకూ ఏముందో చూడండి. Videos ఒక్కటే చూసి వదిలేయకండి, Shorts, Live వేరే ట్యాబుల్లో ఉంటాయి. కాపీరైట్ గుర్తు కనిపిస్తే దాని మీద మౌస్ పెట్టి వివరాల్లోకి వెళ్లండి. ఏ వీడియో, ఎవరు ఫిర్యాదు చేశారు, ఏ భాగం అన్నది అక్కడే ఉంటుంది. అప్పీలూ అక్కడి నుంచే. మెయిల్ చెప్పిన మూడు వీడియోలూ ఏ ఆంక్షా లేకుండా హాయిగా ఆడుతుంటే, ఆ మెయిల్ గురించి ఇంకా ఆలోచించడానికి ఏముంది?

బెల్ గుర్తు దగ్గర ఎర్ర చుక్క కనిపించిందని నమ్మేసేవాళ్లకూ ఒక మాట. ఎవరైనా కామెంట్‌లో మిమ్మల్ని మెన్షన్ చేసినా బెల్ మోగుతుంది. ఆ కామెంట్ పెట్టినవాడు తన పేరు 'సపోర్ట్' అని పెట్టుకుంటే బెల్ ఏం చేస్తుంది పాపం. చూడాల్సింది Channel violations, Restrictions. బెల్ కాదు.

ఒక్క చోట మాత్రం ఫార్వర్డ్ రాసిన మహానుభావుడికి కొంత ఇవ్వాలి. డాష్‌బోర్డు కార్డు ఖాళీగా ఉన్నా మెయిల్ నిజమయ్యే సందర్భం ఉంది. ఫిర్యాదుదారు 7 రోజుల గడువుతో తొలగింపు కోరవచ్చు. అప్పుడు మీకు మెయిల్ వస్తుంది, వీడియో ఇంకా ఆడుతూనే ఉంటుంది, స్ట్రైక్ ఇంకా పడదు. అయినా ఆ సంగతి Contentలో ఆ వీడియో దగ్గరే తెలుస్తుంది, మెయిల్లోని ఫైలుతో పనిలేదు.

నాలుగోదీ ఇక్కడే తేలిపోతుంది. ఆ 7 రోజుల్లో వీడియో తీసేస్తే స్ట్రైక్ పడదు. పడిన తర్వాత తీసేస్తే స్ట్రైక్ పోదు, వీడియో మాత్రం పోతుంది.

ఐదోది అతి ధీమా. జతచేసిన ఫైలు పీడీఎఫ్ బొమ్మతోనే కనిపిస్తుంది, నిజానికి అది .exe లేదా .scr, అంటే తెరవగానే నడిచే ప్రోగ్రాం. కొన్నిసార్లు యాంటీవైరస్ స్కాన్ చేయకుండా వదిలేయాలని సైజును వందల ఎంబీలకు పెంచి పంపుతారు. ఒకసారి నడిచిందా, బ్రౌజర్లో దాచిన కుకీలను ఎత్తుకెళ్తుంది. మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారు కాబట్టి ఆ కుకీతో వాడికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ లాంటి పెద్ద ఛానల్ చేజారింది ఇలాగే, స్పాన్సర్‌షిప్ పేరుతో వచ్చిన ఫైలు తెరిచి. ఫైలు ఇప్పటికే తెరిచి ఉంటే ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. వేరే పరికరం నుంచి గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీకి వెళ్లి అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేసి, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చండి.

ఆరోది సరైనదే, ఆశ్చర్యంగా. ఛానల్ నిజంగా తీసేస్తే ఆ ఛానల్ స్టూడియో మామూలుగా తెరుచుకోదు, కాబట్టి 'డాష్‌బోర్డులో లేదు కనుక ఫేక్' అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. లాగిన్ లేకుండా ఛానల్ లింకు తెరిస్తే, తొలగించినట్టు ఒక వాక్యం కనిపిస్తుంది. వీడియోలు మామూలుగానే వస్తుంటే ఛానల్ బతికే ఉంది. నిజంగా పోయి ఉంటే, అదే ఖాతాతో మీరే స్టూడియో తెరిచి అక్కడ వచ్చే సందేశం నుంచి అప్పీలుకు వెళ్లండి, మెయిల్లోని బటన్ నుంచి కాదు.