జుట్టు పెరగట్లేదని ఏడ్చే ముందు కొసలు చూడండి

"పిన్నీ, నా జడ నడుము దగ్గరే ఆగిపోయింది, ఇక పెరగదు" అని మా అక్క కూతురు చాలాకాలంగా బాధపడుతోంది. నూనెలు మార్చింది, మాత్రలు మింగింది. ఒక ఆదివారం దాన్ని ఎండలో కూర్చోబెట్టి, ఒళ్లో తెల్ల గుడ్డ పరిచి జడ విప్పి చూశాను. పైన పిడికెడు జుట్టు, కిందకొచ్చేసరికి ఎలుకతోక. కొసల్లో సగం రెండుగా చీలి ఉన్నాయి, కొన్నిటికి చీలిక పైన సన్నని తెల్ల చుక్కలు. ఆ చుక్క దగ్గర కొంచెం వంచితే చాలు, వెంట్రుక పుటుక్కున విరిగిపోతోంది.

జుట్టు కుదుళ్ల దగ్గర నెలకు ఒక సెంటీమీటరు, కాస్త అటూ ఇటూగా పెరుగుతూనే ఉంటుంది. పిల్లకీ పెరుగుతోంది, కింద అంతే విరిగిపోతోంది. మీది ఊడుతోందా విరుగుతోందా తెలియాలంటే దువ్వెనకు వచ్చిన వెంట్రుక కొస చూడండి. ఒక చివర తెల్లటి చిన్న గుబ్బ ఉంటే కుదురు నుంచి ఊడినట్టు. గుబ్బ లేని పొట్టి ముక్కలే ఎక్కువగా ఉంటే విరిగినట్టు. విరిగేదానికి మాత్రలేం చేస్తాయి?

విరిగేది ఎక్కడో చెబుతాను, నాకు కోపం వచ్చేది అక్కడే. తలంటు అయ్యాక మన ఇళ్లలో ఆడపిల్ల జుట్టును తువ్వాలుతో పటపటా కొడతారు. కాలేజీ బస్సుకు టైమైందని నీళ్లోడుతున్న జుట్టులోనే సన్నపళ్ల దువ్వెన పెట్టి నడినెత్తి నుంచి కిందకి లాగుతారు. పిల్ల "అబ్బా" అంటే "ఓర్చుకోవే" అంటారు. తడిసిన వెంట్రుక లోపల, దాన్ని గట్టిగా పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు సడలిపోయి ఉంటాయి. అందుకే పొడి వెంట్రుక కన్నా ఎక్కువ సాగుతుంది, సాగి సాగి తెగుతుంది. తెగకపోయినా పైనున్న పొలుసుల పొర లేచి, రాసుకుని ఊడిపోతుంది. నడుము దాకా ఉన్న జుట్టు కొస అంటే కొన్నేళ్ల వయసున్న వెంట్రుక. అన్నేళ్ల తలస్నానాలూ దువ్వెనలూ దాని మీద నుంచే వెళ్లాయి. ఆ పొర ముందు అక్కడే పోతుంది, చీలేదీ అక్కడే.

చీలిన కొసను సీరం అతికిస్తుందని చెప్పి డబ్బు గుంజడం దారుణం. అందులోని సిలికాన్ కాసేపు రెండు పాయల్నీ అంటిపెట్టి ఉంచుతుంది, నాలుగు తలస్నానాలకు పోతుంది. చీలినదానికి కత్తెర ఒక్కటే మందు, కత్తిరించకపోతే చీలిక పైకి పాకుతుంది.

అలాగని పార్లర్ వాళ్లు చెప్పినట్టు నెలనెలా అంగుళం తీయించుకోవడమూ తప్పే. అంగుళమంటే రెండున్నర సెంటీమీటర్లు. పెరిగేది ఒకటి, పోయేది రెండున్నర. జడ పొట్టిదవక ఏమవుతుంది? కత్తిరిస్తే జుట్టు త్వరగా పెరుగుతుందనే మాట కూడా నిజం కాదు, కత్తెర సంగతి కుదురుకు తెలియదు. మా పిల్లకు మొదట ఒకేసారి ఐదు సెంటీమీటర్లు తీయించాం, చీలికలు అంత పైకి పోయాయి కాబట్టి. తర్వాత మూడు నెలలకొకసారి ఒక సెంటీమీటరు. ఏడాదికి పన్నెండు పెరిగితే నాలుగు పోతాయి, ఎనిమిది మిగులుతాయి. ఇస్త్రీ, రంగు, స్ట్రెయిటనింగ్ లేని జుట్టుకు ఇంకా ఆలస్యమైనా ఫర్వాలేదు. క్యాలెండర్ కన్నా కొసలు చూసి నిర్ణయించుకోవడం మేలు. మధ్యలో ఒకటీ అరా చీలినవి కనబడితే ఆ చీలికకు ఒక సెంటీమీటరు పైన ఇంట్లోనే కత్తిరించేయొచ్చు. వంటింటి కత్తెర వద్దు. మొద్దుబారిన అంచు వెంట్రుకను నలిపేస్తుంది, నలిగిన చోటే మళ్లీ చీలుతుంది.

తలస్నానం పద్ధతిలో మేం మార్చింది ఇదీ. ముందురోజు రాత్రే కొబ్బరినూనె, ముఖ్యంగా కొసలకు. అది వెంట్రుకలోకి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది. షాంపూ మాడుకు మాత్రమే, కొసలకు కండిషనర్. తర్వాత పాత నూలు చీర ముక్కతో గుప్పిట్లోకి తీసుకుని నీళ్లు ఒత్తడమే, రుద్దడం లేదు, కొట్టడం లేదు. ముప్పాతిక వంతు ఆరాక పెద్దపళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు పైకి. చిక్కు తగిలితే దానికి పైన జుట్టును పిడికిట పట్టుకుని వేళ్లతో విడదీయాలి. ఉంగరాల జుట్టు వాళ్లకు లెక్క వేరు, పొడిగా దువ్వితే ఇంకా విరుగుతుంది. వాళ్లు కండిషనర్ ఉండగానే, తడిలోనే, వేళ్లతో చిక్కు తీసుకోవాలి.

తడి జుట్టును బిగించి జడ వేసి పైన రబ్బరు బ్యాండు చుట్టకండమ్మా. ఆ బ్యాండు పడిన చోటే జడ సన్నబడటం మీరే చూస్తారు. కాలేజీకి టైమైపోతోందంటే తలంటు ముందురోజు సాయంత్రానికి మార్చండి.

ఇవన్నీ చేసినా మూడు నాలుగు నెలల్లో కొసలు మళ్లీ అలాగే పెళుసుగా ఉంటే, దానికి తోడు నీరసం, చలి తట్టుకోలేకపోవడం, బరువు పెరగడం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి.