తేలిక కాల్స్ దానికి, తిట్లు నాకు

కస్టమర్ కేర్‌లో నాకు ఒకప్పుడు రోజుకి 80 కాల్స్. సగం "బిల్లెంత?", "పిన్ మర్చిపోయా" బాపతే. నిమిషంలో తేలిపోయేవి, ఊపిరాడేది. ఇప్పుడవన్నీ చాట్‌బాట్‌కి. నాదాకా వచ్చేది దానితో కుస్తీ పట్టి మండిపోయినవాళ్లే.

నిన్నొక పెద్దాయనకి డబ్బు రెండుసార్లు కట్ అయింది. బాట్ నాలుగుసార్లూ బ్యాలెన్సే చెప్పిందట. నా స్క్రీన్ మీద "బిల్లింగ్" అని ఒక్క ముక్క! "మళ్లీ మొదట్నుంచి చెప్పాలామ్మా?" అన్నారు. ఏం చెప్పను?

రెండు లావాదేవీలూ సరిచూసి, రీఫండ్ పెట్టేసరికి 11 నిమిషాలు. టార్గెట్ మాత్రం పాతదే, కాల్‌కి సగటున 5. దాటానని టీమ్ లీడర్ క్లాసు. తేలిక కాల్స్ తీసేస్తే సగటు పెరగదా సార్?

పెద్దాయన రేటింగ్‌లో ఒకటి నొక్కారు. బాట్‌కి కాదు, నాకు!